అమ్మా, నా పెళ్లిచీర ఉల్లిపొట్టు రంగులో ఎందుకు కావాలంటే

అమ్మా,

ఫోన్‌లో చీర మాట ఎత్తిన ప్రతిసారీ మూడో నిమిషానికి నీ గొంతు మారుతోంది, నాలుగో నిమిషానికి నాది. ఈలోగా నాన్న ఫోన్ అందుకుని "ఇవాళ కూరేం వండుకున్నావు?" అని అడుగుతున్నారు. పెళ్లి మాఘంలో పెట్టుకుని ఇలా కూరల దగ్గర ఆగిపోతే కుదరదు. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువు, మధ్యలో పిన్నికి ఫోన్ చెయ్యకు.

నువ్వు అన్న మాటలు నాలుగు. ఎరుపు శుభం. లేతరంగు ఫోటోల్లో తెల్లచీరలా కనబడుతుంది. నా చామనచాయకి నప్పదు. పసుపు పడిందంటే చీర పోయినట్టే. ఐదోది నాతో అనలేదు, పిన్నితో అన్నావట: "సినిమావాళ్లని చూసి చెడిపోతున్నారు" అని.

ఆ ఐదోదాన్ని ముందు ఒప్పేసుకుంటాను, ఎందుకంటే అది నిజం. 2017 డిసెంబరులో అనుష్కా శర్మ లేత గులాబీ లెహెంగాలో పెళ్లి చేసుకున్న రోజు మా హాస్టల్ గదిలో ఎవరూ చదువుకోలేదు. ఆ ఫోటోలు చూసేదాకా పెళ్లికూతురు ఇలా కూడా ఉండొచ్చని నాకు తోచలేదు. ఇష్టం అక్కడే పుట్టింది. కానీ ఇష్టం ఎక్కడ పుట్టిందన్నది వేరు, అడిగేది సబబా కాదా అన్నది వేరు. నేను సబబు గురించి మాట్లాడుతున్నాను.

ముందు ఒక పని చెయ్యి. బీరువా పైఅరలో ఉన్న నీ పెళ్లి ఆల్బమ్ తియ్యి. గౌరీపూజ ఫోటోలో నువ్వు ఎర్ర పట్టుచీరలో ఉన్నావు. మామయ్య నిన్ను బుట్టలో మోసుకొస్తున్నప్పుడూ, తెర వెనక తల దించుకుని కూర్చున్నప్పుడూ అదే చీర. జీలకర్ర బెల్లం దాకా అదే. ఇప్పుడు పేజీ తిప్పు. నాన్న తాళి కడుతున్న ఫోటో ఉంటుంది. అందులో నీ ఒంటిమీద ఉన్నది ఏ రంగు చీర?

తెల్లది. ఎర్ర అంచున్న తెల్ల నూలుచీర. మధుపర్కం.

నేను ఈ ఫోటో చిన్నప్పట్నుంచీ వందసార్లు చూశాను, ఒక్కసారీ గమనించలేదు. పెళ్లికూతురంటే ఎరుపు అని మనసులో అంత గట్టిగా పడిపోయింది. మొన్న అక్క పెళ్లి వీడియో చూస్తూ ఆగాను. అక్కడా అంతే. పట్టుచీరలో వచ్చింది, లోపలికెళ్లి మధుపర్కం కట్టుకొచ్చింది, అప్పుడు మూడు ముళ్లు పడ్డాయి. ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటుంది, కొందరు మొదట్నుంచీ మధుపర్కంలోనే కూర్చుంటారు, కొందరు అసలు కట్టరు. మన ఇంట్లో మాత్రం అమ్మమ్మ పెళ్లి నుంచీ ఇదే వరస.

మధుపర్కం అంటే అసలు బట్ట కాదు కదా. పెళ్లికొడుక్కి కన్యాదాత ఇచ్చే తేనె, పెరుగు. ఆ సమయంలో పెట్టే కొత్తబట్టలకి కూడా ఆ పేరే వచ్చేసింది. ఆ బట్టల అంచులకి పసుపు రాసి గానీ కట్టరు. అంటే మనవాళ్లు ముహూర్తానికి ఎంచుకున్నది తెలుపు, దాని మీద కాస్త పసుపు, చుట్టూ సన్నగా ఎరుపు. నేను అడుగుతున్న చీర కూడా దాదాపు అదే లెక్కలో ఉంది. ఒళ్లంతా లేతగా, అంచు మాత్రం ఎర్రగా. కొత్త రంగు తెస్తున్నానని నన్ను తిడుతున్నావు గానీ, తాళి పడిన క్షణాన నువ్వు కట్టిందాని కంటే ముదురు రంగే నేను అడుగుతున్నాను.

అమ్మమ్మని కూడా అడిగాను, నీకు చెప్పకుండా. "తెలుపు అశుభం కదా అమ్మమ్మా, మరి మధుపర్కం ఎలా కట్టారు?" అంటే ఆవిడ నవ్వింది. "అశుభం తెలుపుకి కాదే, అంచు లేకపోవడానికి. అంచుండి, ఇంత పసుపు తగిలితే అది పెళ్లిబట్టే" అంది. నీ మొదటి అభ్యంతరానికి మీ అమ్మ దగ్గర్నుంచే జవాబు తెచ్చాను. ఆవిడ మీద కోప్పడకు.

ఇక ఎరుపు శుభం అన్నమాట నేను కాదనడం లేదు. కుంకుమ ఎరుపు, పారాణి ఎరుపు, అమ్మవారి చీర ఎరుపు. కానీ పాతరోజుల్లో ఎర్ర బట్టకి అంత విలువ ఉండటానికి ఇంకో కారణం కూడా ఉందని నాకనిపిస్తుంది. ఎరుపు తెప్పించడం చాలా కష్టం. మన కోస్తాలో ఇసుక నేలల్లో తవ్వి తీసిన చిరువేరుతో నూలుకి ఎరుపు ఎక్కించేవారు. మచిలీపట్నం కలంకారీలో ఎరుపు ఆ వేరుదే. పట్టుకైతే లక్క. పటిక పట్టించి, మరిగించి, ఆరబెట్టి, మళ్లీ ముంచి, రోజుల తరబడి చేస్తేగానీ నిండు రంగు వచ్చేది కాదు. 1869 తర్వాత ఆ వేళ్లలోని ఎరుపునే ఫ్యాక్టరీల్లో తయారుచెయ్యడం మొదలైంది. మెల్లగా వేరు తవ్వేవాళ్లు పోయారు. ఇప్పుడు ఎరుపంటే అద్దకం చేసేవాడి దగ్గర డబ్బాలో ఉండే ఒక పొడి, మిగతా రంగుల్లాగే. ఇప్పుడు అతనికి నిజంగా కష్టమైనవి లేతరంగులు.

ఇది నా మాట కాదు. దసరా సెలవుల్లో స్నేహితురాలింటికని కాకినాడ వచ్చి, నీకు చెప్పకుండా బీచ్ రోడ్డు మీదుగా ఉప్పాడ వెళ్లొచ్చాను. (తిట్టడానికి ఇంకో కారణం దొరికిందిగా.) అక్కడ మగ్గం మీదున్న పెద్దాయనతో రెండు గంటలు కూర్చున్నాను. "లేత షేడ్ కావాలా?" అని ఆయన అడిగిన తీరు చూస్తే, దుకాణంలో నువ్వు నన్ను చూసిన చూపే గుర్తొచ్చింది. కానీ ఆయన బాధ వేరు.

పచ్చిపట్టు దారం మీద బంక ఉంటుంది. బరువులో దాదాపు నాలుగో వంతు అదే. సబ్బు, సోడా వేసి ఉడకబెడితే ఆ బంక పోయి దారం మెత్తబడుతుంది, మెరుపు వస్తుంది. అయినా చాలా పట్టుకి లోపల సన్నటి పసుపుఛాయ మిగిలే ఉంటుంది. దాని మీద ఎరుపు వేస్తే ఆ ఛాయ ఎవరికీ తెలియదు, ఎరుపు అన్నిటినీ మింగేస్తుంది. లేత గులాబీ వేస్తే మాత్రం ఆ పసుపు పైకి తేలి, గులాబీ కాస్తా మాగిన జామపండు లోపలి రంగులోకి పోతుంది. అందుకని లేతరంగుకి తెల్లగా ఉండే మేలురకం పట్టు తీసుకోవాలి, ఉడకబెట్టడం పూర్తిగా జరగాలి, పైగా ఇంకోసారి తెలుపు చెయ్యాలి. దారపు కట్ట, అదే చిలపలో ఒకచోట బంక మిగిలితే అక్కడ రంగు వేరుగా పడుతుంది. ముదురు చీరలో కనబడని ఈ తేడా లేతచీరలో అడ్డంగా చారలు చారలుగా కనిపిస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. అడ్డంగా నేసే పేక దారం మధ్యలో అయిపోయి మళ్లీ రంగు వేయించాల్సి వస్తే అదే షేడ్ రావడం కష్టం. చీర సగం నుంచి రంగు మారినట్టు ఉంటుంది. కాబట్టి చీరకి కావల్సిన దారమంతా, కొంచెం ఎక్కువే, ఒకే తొట్టిలో అద్దించాలి.

ఇదంతా నీకెందుకు చెబుతున్నానంటే, చౌకగా, తేలిగ్గా అయిపోయేది అడుగుతున్నానని నువ్వనుకుంటున్నావు. "అంత డబ్బు పోసి వెలిసిపోయిన చీర కొనాలా" అన్నావు గుర్తుందా? ఆ 'వెలిసిపోవడం' సరిగ్గా కుదర్చడానికే ఆయన నాలుగు నెలల ముందు చెప్పమన్నాడు. మంచి లేతచీరని ఎలా గుర్తుపట్టాలో కూడా నేర్పాడు. మడత విప్పి మూడు నాలుగు గజాలు కిటికీ వెలుగులో పరిచి, దూరంగా నిలబడి కళ్లు చికిలించి చూడాలి. చారలుంటే అప్పుడు తేలతాయి. దుకాణంలో ట్యూబులైటు కింద, మడతలో చూసినంతసేపూ ఏ చీరైనా బాగానే ఉంటుంది.

ఇప్పుడు ఫోటోల సంగతి. ఇందులో నీదే రైటు, సగం వరకు.

మన ముహూర్తం తెల్లవారుజామున. మండపంలో అంతా పసుపు దీపాలే. నేను ఉప్పాడ నుంచి మూడు అద్దకం ముక్కలు తెచ్చుకున్నాను: పీచ్, పిస్తా, ఉల్లిపొట్టు. పగలు చూస్తే నాకు పీచ్ తెగ నచ్చింది. రాత్రి హాల్లో పసుపు బల్బు మాత్రమే వేసి, మూడింటినీ ఒకదాని పక్కన ఒకటి భుజం మీద వేసుకుని రూమ్మేట్‌తో ఫోటోలు తీయించాను. పీచ్ తెల్లగా కనబడింది. నువ్వు చెప్పినట్టే, అచ్చం తెల్లచీర. పసుపు వెలుగులో పసుపు కలిసిన లేతరంగులు ఇలాగే తెలుపులో కలిసిపోతాయి. పిస్తా అయితే చచ్చిన బూడిదరంగు అయింది, నేను జ్వరం పడి లేచినదానిలా ఉన్నాను. ఉల్లిపొట్టు మాత్రం నిలబడింది. అందులో గులాబీతో పాటు కాస్త ఎరుపు, ఇసుమంత గోధుమ ఉన్నాయి కాబట్టి దీపాల్లో ఇంకాస్త వేడెక్కిందే గానీ చావలేదు. మూడు ఫోటోలూ వాట్సాప్‌లో పెట్టాను, నువ్వు చూడకుండా "గుడ్ నైట్" అన్నావు. మళ్లీ చూడు.

సగమే రైటు అని ఎందుకన్నానంటే, ఎరుపుకీ ఫోటోలో దాని జబ్బు దానికుంది. అక్క చీర గుర్తుందా, ఒళ్లంతా నేతలోనే పువ్వులు? దగ్గర్నుంచి చూసినవాళ్లు కళ్లు తిప్పుకోలేదు. ఫోటోల్లో మాత్రం ఒక్క పువ్వు కనబడదు. గట్టి దీపాల కింద నిండు ఎరుపు కెమెరాకి పట్టకుండా పోయి, చీర మొత్తం ఒకే ముద్దలా వస్తుంది. నేను చేయించాలనుకుంటున్నది జాందానీ. పువ్వు వచ్చే ప్రతిచోటా విడిగా ఒక చిన్న కండె దారాన్ని చేత్తో పడుగులోకి, అంటే మగ్గం మీది నిలువు దారాల్లోకి దూర్చి, వరస వరసకీ నేస్తారు. ఒక మగ్గం మీద ఇద్దరు కూర్చుని నేసినా రోజుకి జానెడు మూరెడు తప్ప ముందుకెళ్లదు. వెనక వేలాడే పోగులుండవు, చీర తేలిక. అంత పని చేయించి ఎరుపులో ముంచేయడం నాకు మనసొప్పడం లేదు.

చామనచాయ. ఈ ఒక్క మాట దగ్గర నాకు ఏడుపొచ్చింది, చెప్పేస్తున్నాను. లేతరంగు నాకు నప్పదని నువ్వు నా ఏడో క్లాసు నుంచీ అంటున్నావు. ఓణీల ఫంక్షన్‌కి కూడా మెరూనే. నిజానికి ముఖంలో కళ తీసేసేది లేతదనం కాదు, చల్లదనం. నీలం, బూడిద కలిసిన లేతరంగులు, ఆ పిస్తాలాంటివి, నాకు నప్పవు. నీకూ నప్పవు. వెచ్చదనం ఉన్న లేతరంగులు, గంధం, మీగడ, ఉల్లిపొట్టు, కనకాంబరంలో నీళ్లు కలిపినట్టుండే రంగు, ఇవి చామనచాయ మీద బాగుంటాయి. వీటన్నిటికీ మన భాషలో పేర్లున్నాయి చూశావా? 'పేస్టెల్' అనేసరికి నీకు పరాయిగా వినబడుతోంది గానీ, ఉల్లిపొట్టు రంగు చీర అంటే అమ్మమ్మకి వెంటనే అర్థమైంది. "మా మేనత్తకి ఉండేది" అంది కూడా.

ఇక పసుపు. నీ నాలుగు మాటల్లో నాకు నిజంగా టెన్షన్ పుట్టించింది ఇదే, ఎందుకంటే దీనికి వాదనతో జవాబు ఉండదు. పసుపు మరక కాదు, అదే ఒక అద్దకం. పట్టుకి ఏ మందూ అవసరం లేకుండానే ఎక్కుతుంది. కంగారుపడి సబ్బు పెడితే ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిస్తే కుంకుమ అయినట్టే, సబ్బులోని క్షారం తగిలి అలా అవుతుంది. ఎండలో పెడితే పసుపు వెలుస్తుంది గానీ, ఆ ఎండకే పట్టు కూడా దెబ్బతింటుంది. డ్రై క్లీనింగ్‌కి ఇచ్చినా పూర్తిగా పోతుందని ఎవరూ హామీ ఇవ్వరు. ఎర్ర చీరైతే ఇదేదీ కనబడదు, ఒప్పుకుంటాను.

అయితే మన పెళ్లిలో పసుపు ఎప్పుడు పడుతుందో ఒక్కసారి వరసగా తలుచుకో. మంగళస్నానాలకి ఎలాగూ పాతచీరే. గౌరీపూజలో పసుపు ముద్ద, కుంకుమ చేతుల దాకానే, ఒళ్లో తువ్వాలు పరుచుకుంటే సరిపోతుంది. జీలకర్ర బెల్లం తల మీద, అది జారితే భుజం మీద పడొచ్చు, కానీ అందులో పసుపు ఉండదు. అసలు ప్రమాదం తలంబ్రాలు. పసుపు కలిపిన బియ్యం దోసిళ్లతో, ఆ తర్వాత పళ్లాలతో ఎత్తి మీద కుమ్మరిస్తారు. ఆ సమయానికి నేను కట్టుకుని ఉండేది మధుపర్కం! నూలుచీర, ఉతికితే ఉతుకుతాం, పసుపైతే మరీ మంచిది. మనవాళ్లు ఇది ఆలోచించే పెట్టారో, అలా కుదిరిందో గానీ, పట్టుచీరని కాపాడే ఏర్పాటు పెళ్లి లోపలే ఉంది. సాంబారు, మామిడికాయ పప్పు సంగతి నాకొదిలెయ్యి. భోజనానికి ముందే చీర మార్చేస్తాను.

మగపెళ్లివారు ఏమనుకుంటారోనని కూడా నీకు లోపల ఉంది. అత్తయ్యగారితో నేనే మాట్లాడాను. వాళ్లు పెట్టే చీర ఎర్రదే పెట్టమన్నాను, అప్పగింతలకి అదే కట్టుకుంటానన్నాను. ఆవిడ సంతోషించారు. కాబట్టి ఎరుపు లేని పెళ్లి అని ఎవరూ అనరు.

మిగిలింది అంచు. ఇక్కడ నీ సాయం కావాలి.

అంచు ఎర్రగా ఉండాలని నేనే అడుగుతున్నాను, నీకోసం మొహమాటపడి కాదు, మధుపర్కంలో ఉన్నట్టే ఉండాలని. కానీ ఇది అనుకున్నంత తేలిక కాదట. మామూలుగా అయితే ఒళ్లు నేసే పేక దారమే అంచులోకీ పోతుంది. లేత పేక ఎర్ర పడుగులోకి వెళ్తే అంచు ఎరుపు రాదు, పాలు కలిసిన ఎరుపు వస్తుంది. నిఖార్సైన ఎరుపు కావాలంటే పేక దారాన్ని అటూ ఇటూ తీసుకెళ్లే నాడె అంచులకి వేరే, ఒంటికి వేరే ఉండాలి; మొత్తం మూడు నాడెలతో, కుప్పడం అనే పద్ధతిలో నేయాలి. ప్రతి వరసలో రెండుచోట్లా రెండు రంగుల దారాలూ ఒకదాన్నొకటి పట్టుకోవాలి. పని దాదాపు రెట్టింపు. పెద్దాయన సరేనన్నాడు.

రెండో భయం రంగు దిగడం. నీ పెళ్లిచీర మొదటి తడుపుకే ఎరుపు కారి జరీ అంచు పక్కన గులాబీ మరక పడిందని నువ్వే చెప్పావు. అది ఎర్ర చీర కాబట్టి ఎవరికీ తెలియలేదు. నా చీరకి అలా అయితే దాచే చోటే ఉండదు. అందుకని అంచు దారం మగ్గమెక్కకముందే పరీక్ష చేస్తానన్నాడు. ఎర్ర దారాన్ని తెల్ల పట్టుతో కలిపి జడలా అల్లి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, అలాగే తడిగా ఆరనిస్తాడు. తెల్లపోగు తెల్లగా ఉంటేనే నేత మొదలు. లేదంటే మళ్లీ అద్దకానికి పోవాలి. ఆ పరీక్ష నా కళ్లముందు జరగాలని చెప్పి వచ్చాను.

ఏ ఎరుపు అని అడిగాడు. మిరపపండా, కుంకుమా, దానిమ్మా? కార్డు మీద పదకొండు రకాల ఎరుపులు చూపించాడు. నాకు ఒక్కటీ నచ్చలేదు. అప్పుడు మా అమ్మ పెళ్లిచీర ఎరుపు కావాలి అన్నాను. "అయితే దాని పోగు తెచ్చివ్వండి, కలుపుతాను" అన్నాడు.

వచ్చే ఆదివారం నేను వస్తున్నాను. ఇద్దరం కలిసి ఉప్పాడ వెళదాం. ఈలోగా బీరువాలోంచి నీ చీర తీసి, కొంగు కుచ్చుల్లోంచి ఒక్క పోగు లాగి కాగితంలో చుట్టి ఉంచు. పైమడతది వద్దు, అది వెలుతురుకి వెలిసిపోయి ఉంటుంది. లోపలి మడతలోంచి తియ్యి.

నీ కూతురు